ఆకుపచ్చ ఎప్పుడు, ఎరుపు ఎప్పుడు? చిన్న బృందానికి ఒక పని పట్టిక

విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరి మొదటి వారంలో మొదలవుతుంది. ఆ స్టాళ్లలోకి తమ కొత్త పుస్తకం చేరాలని ఆశపడే చిన్న ప్రచురణ బృందాలు తెలుగునాట చాలానే ఉన్నాయి. ఇద్దరు సాహిత్య మిత్రులు, ఒక డీటీపీ ఆపరేటరు, ముఖచిత్రం వేసే ఒక ఆర్టిస్టు, ప్రెస్ చుట్టూ తిరగగల ఓపికున్న ఒక మనిషి ఉంటే బృందం తయారైనట్టే. ఎవరికీ ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. ఆఫీసు లేదు, మేనేజరు లేరు. అందరినీ కలిపేది ఒక వాట్సాప్ గ్రూపు మాత్రమే. 'ప్రూఫులు ఎంతవరకు వచ్చాయండీ?' అని ఒకరు అడుగుతారు. 'అయిపోవచ్చాయి' అని జవాబొస్తుంది. అయిపోవచ్చినవాటిలో ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో, అవి ఎవరి చేతిలో ఉన్నాయో గ్రూపు మొత్తం వెతికినా దొరకదు.

ఇలాంటి బృందానికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గూగుల్ షీట్‌లో ఒక పట్టిక చాలు: ఏ పని, ఎవరిది, ఎప్పటిలోగా, ఇప్పుడెలా ఉంది. ఐటీ కంపెనీల్లో పనిచేసేవారికి ఇది రోజూ చూసే వస్తువే. కానీ చూసినంత తేలిగ్గా ఇది పనిచెయ్యదు. గళ్లు గీయడం పది నిమిషాల పని. ఆ గళ్లలోని రంగులు నిజం చెప్పేలా చూడటమే అసలు పని. అదెలాగో ఒక పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఐదుగురు కలిసి 22 మంది కథకుల సంకలనం తెస్తున్నారనుకోండి. పుస్తకం 176 పేజీలు, 500 ప్రతులు. హైదరాబాద్‌లో అచ్చు, విజయవాడలో ఆవిష్కరణ. తేదీ కదలదు, ఎందుకంటే మహోత్సవం మన కోసం ఆగదు. కాబట్టి లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. డిసెంబరు 29కి పుస్తకాల కట్టలు విజయవాడ చేరాలి. ప్రెస్‌వారు అచ్చుకీ బైండింగుకీ పన్నెండు రోజులు అడిగారు. డిసెంబరులో ప్రెస్‌లన్నీ క్యాలెండర్లు, డైరీలతో కిటకిటలాడుతుంటాయి. మధ్యలో క్రిస్మస్ సెలవు. ఇవన్నీ లెక్కేస్తే తుది ఫైళ్లు 12వ తేదీకి ప్రెస్‌కు వెళ్లి తీరాలి. అలా వెళితే 24కి అచ్చు పూర్తవుతుంది, ఐదు రోజులు చేతిలో ఉంటాయి. ఈ ఐదు రోజులూ ఒకేచోట, చివర్లోనే, అందరికీ కనబడేలా ఉండాలి. ఒక్కొక్కరూ తమ పనికి రెండు రోజులు రహస్యంగా కలుపుకుంటే ఆ రోజులు ఎవరికీ అక్కరకు రావు. గడువు దూరంగా ఉందన్న ధీమాతో అందరూ పని ఆలస్యంగా మొదలుపెడతారు.

ఇక వరసలు. చాలా పట్టికలు ఇక్కడే దెబ్బతింటాయి. 'అనుమతులు – అందరూ' అని రాసిన వరసను నేను ఎన్నో పట్టికల్లో చూశాను. అది పని పేరు కాదు, విషయం పేరు. ఎప్పుడు పూర్తయినట్టో అందులో లేదు. 'అందరూ' అంటే, ఒక కథకురాలికి ఎవరూ ఫోన్ చేయకపోయినా అడగడానికి మనిషి లేరు. అదే వరసను ఇలా రాయండి: '22 మంది కథకుల రాతపూర్వక అనుమతులు ఫైల్లో చేరడం – సంపాదకురాలు.' ఇప్పుడు పూర్తయిందో లేదో ఎవరైనా ఫైలు తెరిచి చెప్పగలరు. ఫోన్లు ముగ్గురు పంచుకుని చేసుకోవచ్చు, తప్పులేదు. కానీ ఆ వరసకు జవాబు చెప్పేది ఒక్కరే. ఆ గడిలో రెండు పేర్లు కనిపిస్తే, పనిని రెండు వరసలుగా విడగొట్టాలని అర్థం.

డిసెంబరు 1 నాటికి మన పట్టికలోని చివరి ఎనిమిది వరసలు ఇవి. ఇక్కడ పేర్లకు బదులు వారు చేసే పని రాస్తున్నాను. మీ పట్టికలో మాత్రం మనిషి పేరే ఉండాలి.

| వరస | పని | బాధ్యులు | మొదటి గడువు | ఇప్పటి గడువు | ముందు కావాల్సినవి | స్థితి, రంగు |
|---|---|---|---|---|---|---|
| 1 | 22 మంది అనుమతులు ఫైల్లో చేరడం (19 వచ్చాయి) | సంపాదకురాలు | నవంబరు 20 | డిసెంబరు 3 | – | సందేహం, పసుపు |
| 2 | ఐఎస్‌బీఎన్ చేతికి రావడం | ప్రచురణకర్త | నవంబరు 25 | నవంబరు 25 | – | సాగుతోంది, ఎరుపు |
| 3 | రెండో ప్రూఫు దిద్దుబాట్లు ఫైల్లోకి ఎక్కడం (176లో 120 పేజీలు) | డీటీపీ ఆపరేటరు | డిసెంబరు 4 | డిసెంబరు 4 | – | సాగుతోంది, ఆకుపచ్చ |
| 4 | పేజీల సంఖ్య ఖరారు | సంపాదకురాలు | డిసెంబరు 6 | డిసెంబరు 6 | 1, 3 | సందేహం, పసుపు |
| 5 | ముఖచిత్రం ముందువైపు బొమ్మ | ఆర్టిస్టు | నవంబరు 28 | నవంబరు 28 | – | పూర్తి, బూడిద |
| 6 | వెన్ను, బార్‌కోడ్‌తో కవర్ మొత్తం ఫైలు | ఆర్టిస్టు | డిసెంబరు 9 | డిసెంబరు 9 | 2, 4, 5 | సందేహం, పసుపు |
| 7 | తుది ఫైళ్లు ప్రెస్‌కు అందడం | ప్రెస్ పని చూసేవారు | డిసెంబరు 12 | డిసెంబరు 12 | 4, 6 | మొదలు కాలేదు |
| 8 | 500 ప్రతులు విజయవాడ చేరడం | ప్రెస్ పని చూసేవారు | డిసెంబరు 29 | డిసెంబరు 29 | 7 | మొదలు కాలేదు |

ఇందులో గడువుకు రెండు నిలువు వరసలు ఎందుకున్నాయో చెప్పాలి. పట్టికను పాడుచేసే అలవాట్లలో అన్నిటికన్నా చెడ్డది గడువును నిశ్శబ్దంగా ముందుకు జరపడం. నవంబరు 20ని చెరిపి డిసెంబరు 3 అని రాస్తే, ఆ వరస మళ్లీ ఆకుపచ్చగా నవ్వుతుంది. పదమూడు రోజులు జారిపోయిన సంగతి పట్టికకు గుర్తుండదు. అందుకే మొదటి గడువు గడిని తాళం వేసినట్టు వదిలేయాలి, జరపాల్సి వస్తే పక్క గడిలోనే జరపాలి. ఒకసారి జరిగిన వరస, పని పూర్తయ్యేదాకా కనీసం పసుపులోనే ఉంటుంది. రెండోసారి జరపాల్సి వస్తే అది ఎరుపే.

రంగులకు అర్థం పని మొదలుకాకముందే, అందరూ కూర్చుని, రాతలో పెట్టుకోవాలి. మన బృందం పెట్టుకున్న నియమాలు ఇవి. ఈ వేగంతో గడువుకు అందుతుందని లెక్క చూపించగలిగితే ఆకుపచ్చ. గడువుకు అందుతుందో లేదో చెప్పలేకపోతే, లేదా ముందు కావాల్సిన పని ఇరుకులో ఉంటే పసుపు. గడువు దాటినా, బాధ్యులు ఒక్కరే దాన్ని ముందుకు నడపలేకపోయినా ఎరుపు. పూర్తయినవాటికి బూడిద రంగు. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. పూర్తయినవాటికీ, బాగా సాగుతున్నవాటికీ ఒకటే ఆకుపచ్చ వేస్తారు. అప్పుడు పట్టిక సగం పచ్చగా కనిపిస్తుంది, మిగిలిన పనిలో ఎంత బాగుందో తెలియదు. పూర్తయినవి రంగు తగ్గి వెనక్కి వెళితేనే కన్ను మిగతావాటి మీద నిలుస్తుంది.

మూడో వరస ఆకుపచ్చ ఎందుకైందో చూడండి. డీటీపీ ఆపరేటరు 'బాగానే నడుస్తోంది సార్' అన్నందుకు కాదు. 176 పేజీల్లో 120 అయ్యాయి, 56 మిగిలాయి, నాలుగు రోజులున్నాయి. అంటే రోజుకు 14 పేజీలు చాలు. ఆయన ఇప్పటిదాకా రోజుకు 20 పేజీలు చేస్తూ వచ్చారు. లెక్క సరిపోయింది. శాతాలు రాయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. '90 శాతం' అన్నది మనసుకు తోచిన అంకె. ఆ మాట మూడు వారాలు అలాగే ఉండిపోగలదు. '176లో 120' అన్నది ఎవరైనా లెక్కపెట్టి చూడగలిగినది.

బయటికి ఆకుపచ్చగా, లోపల ఎర్రగా ఉండే నివేదికను ప్రాజెక్టుల పనిలో ఉన్నవాళ్లు పుచ్చకాయ అంటారు. ఇది చిన్న బృందాల జబ్బు మాత్రమే కాదు. 2006లో ఫోర్డ్ కార్ల కంపెనీ పగ్గాలు అలన్ ములాలీ చేతికి వచ్చాయి. అంతకుముందు ఆయన బోయింగ్‌లో పనిచేశారు. ప్రతి గురువారం పెద్ద అధికారులంతా తమ విభాగాల పరిస్థితిని రంగులతో చూపించాలని నియమం పెట్టారు. మొదట్లో వచ్చిన పటాలన్నీ ఆకుపచ్చే. ఆ ఏడాది కంపెనీకి వచ్చిన నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైమాటే. ఇంత నష్టంలో ఒక్క ఎరుపు కూడా లేదా అని ఆయన అడగాల్సివచ్చింది. కొన్నాళ్లకు మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి, కెనడాలోని ఓక్‌విల్ కర్మాగారంలో కొత్త ఎడ్జ్ కారు విడుదలను ఎరుపులో చూపించారు. గదిలో అందరూ ఆయన ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టారు. ఆ కారు సమస్యకు ఎవరు సాయం చేయగలరని అడిగారు. అక్కడికక్కడే మిగతా విభాగాలవారు ముందుకొచ్చారు. ఆ తర్వాతి వారాల్లో పటాల్లో నిజమైన రంగులు కనిపించడం మొదలైంది.

స్నేహితుల మధ్య నడిచే బృందంలో ఉద్యోగభయం లేకపోయినా మొహమాటం ఉంటుంది. అది భయం కన్నా తక్కువదేమీ కాదు. 'అక్కా, మీ వరస ఎరుపైంది' అనడానికి తమ్ముడిలాంటివాడికి నోరు రాదు. అందుకే రంగు వేసే పనిని మనుషులకు వదలకుండా, వీలైనంతవరకు షీట్‌కే అప్పజెప్పాలి. గడువు దాటగానే గడి తనంతట తాను ఎర్రబడితే ఎవరూ ఎవరినీ అనాల్సిన పని లేదు.

అది చేయడం కష్టం కాదు. మన పట్టికలో మొదటి గడువు D నిలువు వరసలో, ఇప్పటి గడువు E లో, స్థితి G లో ఉన్నాయి. స్థితి గడుల్లో ఎవరికి తోచిన మాట వాళ్లు రాయకుండా ఐదు మాటల డ్రాప్‌డౌన్ పెట్టాలి: మొదలు కాలేదు, సాగుతోంది, సందేహం, ఆగింది, పూర్తి. తర్వాత G2 నుంచి కిందికి గడులన్నీ ఎంచుకుని, Format మెనూలో Conditional formatting తెరిచి, Custom formula is అన్నచోట ఈ నాలుగు సూత్రాలను ఒక్కొక్కటిగా, ఇదే వరసలో ఇవ్వాలి. మొదటిదానికి బూడిద, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు, నాలుగోదానికి ఆకుపచ్చ.

```
=$G2="పూర్తి"
=OR($G2="ఆగింది",AND($E2<>"",$E2<TODAY()))
=OR($G2="సందేహం",$E2>$D2)
=$G2="సాగుతోంది"
```

పై నుంచి మొదట ఏ నియమం సరిపోతే షీట్ ఆ రంగే వేస్తుంది. కాబట్టి వరస మారకూడదు. పూర్తయిన పనికి గడువు దాటినా బూడిద రంగే ఉంటుంది. 'సాగుతోంది' అని రాసి వదిలేసిన పని గడువు దాటితే ఎర్రబడుతుంది. పై పట్టికలో రెండో వరసకు జరిగింది అదే. మాట 'సాగుతోంది' అనే అంటోంది, రంగు మాత్రం నిజం చెప్పింది. రెండోసారి గడువు జరిగినప్పుడు మాత్రం షీట్‌కు తెలియదు, అక్కడ మనిషే 'ఆగింది' ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. మనం చేత్తో రాసే అలవాటుకొద్దీ తేదీని 9.12 అనో, 'డిసెంబరు 9' అనో టైపు చేస్తాం. షీట్ దాన్ని తేదీగా గుర్తించకుండా మామూలు అక్షరాలుగానో, దశాంశ సంఖ్యగానో తీసుకోవచ్చు. అక్షరాలుగా తీసుకున్న గడువు ఎన్నటికీ దాటదు, ఆ గడి ఎప్పటికీ ఎర్రబడదు. ఇంకో రకం పొరపాటు మరీ మోసపూరితం. షీట్ లొకేల్ అమెరికాదైతే 9/12 అన్నది సెప్టెంబరు 12 అవుతుంది. గుర్తుపట్టడం తేలికే: షీట్‌కు తేదీగా అర్థమైనది గడిలో కుడివైపుకు, అక్షరాలుగా తీసుకున్నది ఎడమవైపుకు చేరుతుంది. గడిని రెండుసార్లు నొక్కితే చిన్న క్యాలెండర్ తెరుచుకోవాలి. File మెనూలో Settings తెరిచి Locale దగ్గర India పెట్టి, గడువులన్నీ ఒకసారి సరిచూసుకుంటే ఈ బెడద పోతుంది.

రంగు పక్కన మాట ఉంచమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా కళ్లకు సరిగా ఆననివాళ్లు ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. చాలామంది ఆ సంగతి బయటికి చెప్పుకోరు. పైగా పట్టికను జిరాక్స్ తీసినా, నలుపు తెలుపు ప్రింటరు మీద తీసినా రెండు రంగులూ ఒకే బూడిదగా వస్తాయి. 'ఆగింది' అన్న మాట మాత్రం చెరిగిపోదు.

ఇప్పుడు డిసెంబరు 1, సోమవారం రాత్రి ఐదుగురూ ఫోన్‌లో కలిశారనుకుందాం. ఇరవై నిమిషాలు చాలు. ఆకుపచ్చ వరసను చదవనే చదవరు. మొదట ఎరుపు. ఐఎస్‌బీఎన్ ఇచ్చేది ఢిల్లీలోని రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ. రుసుము లేదు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కానీ ఎప్పుడొస్తుందో ప్రచురణకర్త చేతిలో లేదు. 'నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ' అని ఆయన అంటారు. అది నిజమే, అయినా దానివల్ల వరస ముందుకు కదలదు. ఇలాంటి గడికి కావలసింది ఓదార్పు కాదు, నిర్ణయం. మనదేశంలో ఐఎస్‌బీఎన్ లేకుండా పుస్తకం అచ్చువేయకూడదన్న నియమమేమీ లేదు. కాబట్టి బృందం ఇలా తీర్మానించుకుని గమనికలో రాసింది: 'డిసెంబరు 8 సాయంత్రం వరకు చూద్దాం. రాకపోతే వెనక అట్ట మీద బార్‌కోడ్ చోటు ఖాళీగా ఉంచి అచ్చుకు ఇద్దాం. నంబరు వచ్చాక స్టిక్కర్ అంటిద్దాం.' దరఖాస్తు వెంటపడటం ప్రచురణకర్త పనే. 8న ఆ మాట చెప్పాల్సింది కూడా ఆయనే.

తర్వాత పసుపులు. ఆర్టిస్టు తన బొమ్మ మూడు రోజుల ముందే ఇచ్చేశారు, అయినా ఆయన ఆరో వరస పసుపుగా ఉంది. ఆయన తప్పేమీ లేదు. పుస్తకం వెన్ను ఎంత మందం ఉండాలో తెలియాలంటే పేజీల సంఖ్య తేలాలి. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం ఒక్కోటి మిల్లీమీటరులో దాదాపు పదకొండో వంతు మందం ఉంటుంది. 176 పేజీలంటే 88 కాగితాలు, కాబట్టి వెన్ను సుమారు 8 మిల్లీమీటర్లు. ఇది అంచనా మాత్రమే, ఖాయమైన కొలత ప్రెస్‌వారినే అడగాలి. పేజీల సంఖ్య తేలాలంటే మొదటి వరసలోని మిగతా మూడు అనుమతులు తేలాలి. అనుమతి రాని కథను తీసేయాల్సిందే కదా! అంటే సంపాదకురాలి దగ్గర మిగిలిన మూడు ఫోన్ కాల్స్ ఆర్టిస్టు ఫైలును, అక్కడినుంచి ప్రెస్‌ను పట్టి ఆపుతున్నాయి. 'ముందు కావాల్సినవి' అన్న నిలువు వరస లేకపోతే ఈ గొలుసు ఎవరికీ కనిపించదు. ఆలస్యం ఆర్టిస్టు ఖాతాలో పడుతుంది.

ఆ మూడింటిలో ఒకటి మర్నాడే వస్తుందని సంపాదకురాలికి నమ్మకం ఉంది. మిగతా ఇద్దరు రచయితల వారసులు ఎక్కడున్నారో ఇంకా తెలియలేదు. డిసెంబరు 3 రాత్రికి తెలియకపోతే ఆ రెండు కథలూ ఈ సంకలనంలో ఉండవని నిర్ణయం. ఒక్కోటి ఎనిమిది పేజీలు, రెండూ కలిపి పదహారు. సరిగ్గా ఒక ఫారం. పుస్తకం 176 నుంచి 160కి, పదకొండు ఫారాల నుంచి పదికి దిగుతుంది. ఖాళీ పేజీల గొడవ లేదు. వెన్ను 7 మిల్లీమీటర్ల చిల్లరకు తగ్గుతుంది. ఆర్టిస్టుకు ఈ రెండు కొలతలూ ఆ సోమవారమే తెలిశాయి. ఆయన రెండు ఫైళ్లూ సిద్ధం చేసి పెట్టుకోగలరు. రెండు మంచి కథలు వదులుకోవడం బాధాకరమే. కానీ ఆ బాధ డిసెంబరు 3న పడితే పుస్తకం వస్తుంది, 11న పడితే రాదు.

ఈ పట్టికకు ఒక హద్దుంది. ఐదారుగురు, ముప్పై నలభై వరసలు ఉన్నంతవరకు ఇది హాయిగా సరిపోతుంది. వరసలు వంద దాటితే 'ముందు కావాల్సినవి' గడిలోని అంకెలను కళ్లతో వెంబడించలేం. అప్పుడు పనులను తేదీల మీద అడ్డగీతలుగా చూపించే గాంట్ చార్టు అవసరమవుతుంది. వరసలు మరీ ఎక్కువైతే ముందు చూడాల్సింది మాత్రం అవి నిజంగా పనులేనా అని. 'ప్రెస్‌కు ఫోన్ చేయడం' వంటివి వరసలుగా ఉంటే పట్టిక వాట్సాప్ గ్రూపులాగే అయిపోతుంది. రెండు రోజులకన్నా తక్కువ పట్టే పనికి వరస అక్కర్లేదు. దాన్ని ఎవరి డైరీలో వారు రాసుకుంటే చాలు.

పట్టికను రోజూ దిద్దాల్సిన పనీ లేదు. సోమవారం సమావేశానికి ముందు, మధ్యాహ్నంలోగా ఎవరి వరస వారు దిద్దుకోవాలి. దిద్దని వరసను పసుపుగా పరిగణించాలి, ఎందుకంటే దాని సంగతి ఎవరికీ తెలియదు కనుక. ఒకరే అందరి వరసలూ నింపే పద్ధతి మొదలైతే, రెండు వారాల్లో మిగతా నలుగురూ షీట్ తెరవడం మానేస్తారు. షీట్‌లోని Version history తెరిస్తే ఎవరు ఎప్పుడు దిద్దారో కనిపిస్తుంది. వారాల తరబడి ఒకే పేరు కనిపిస్తే పట్టిక ఆగిపోతున్నట్టే.

పుస్తకం వచ్చాక ఈ షీట్‌ను తొలగించకండి. D, E నిలువు వరసలను పక్కపక్కన పెట్టి, పని నిజంగా పూర్తయిన తేదీని మూడో వరసగా చేర్చి చూడండి. రెండు మూడు పుస్తకాలకు ఇలా చూస్తే ఏ పని ఎప్పుడూ జారుతోందో తెలుస్తుంది. అనుమతులు ప్రతిసారీ రెండు వారాలు జారుతుంటే, వచ్చే సంకలనానికి ఆ వరసను కథల ఎంపిక జరిగిన రోజే తెరవాలి. కథ ఎంపికైందని రచయితకు పంపే మొదటి ఉత్తరంతోనే అనుమతి పత్రం కూడా వెళ్లాలి.